పడవ తీసేశాక మిగిలే నీళ్లు

ఫొటోలోంచి పడవను తీసెయ్యడం పెద్ద విద్యేమీ కాదు. క్లోన్ స్టాంప్ వాడటం వచ్చిన కుర్రాడు ఎవడైనా పది నిమిషాల్లో దాన్ని మాయం చేస్తాడు. చిక్కంతా పడవ పోయిన చోట ఏం కనబడాలో తేల్చుకోవడంలోనే ఉంది. గోడ మీది మేకు తీస్తే వెనక గోడే ఉంటుంది, పక్కనున్న సున్నం రంగే తెచ్చి పూస్తే సరిపోతుంది. నీటి మీద అలా కుదరదు. పడవ కప్పేసిన చోట నీళ్లు కొండను చూపిస్తున్నాయా, ఆకాశాన్ని చూపిస్తున్నాయా, ఆ రెండింటికీ సరిహద్దు ఎక్కడ పడుతోంది, అక్కడ అల ఎంత వెడల్పు ఉండాలి, ఇవన్నీ తెలియకుండా బ్రష్ పట్టుకుంటే పడవ పోతుంది గానీ పడవ ఆకారంలో ఒక మచ్చ మిగులుతుంది. ఆల్బమ్ తిరగేసే పెళ్లివారికి అదేమిటో చెప్పడం చేతకాకపోవచ్చు. "ఇక్కడేదో తేడాగా ఉందండీ" అంటారు. ఆ మాట వచ్చిందంటే పని మళ్లీ మొదటికి వచ్చినట్టే.

ఈ అధ్యాయాన్ని ఒకే ఫొటో మీద నడుపుదాం. పాపికొండల దగ్గర గోదావరి, డిసెంబరు పొద్దున. ఒడ్డున ఇసుక దిబ్బ మీంచి 35 ఎంఎం లెన్సుతో తీసిన ప్రీవెడ్డింగ్ ఫొటో. 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. ఎడమ వైపున అమ్మాయీ అబ్బాయీ. వాళ్లకు ఎదర నది, నదికి అవతల కొండలు. ఫొటో నడిమధ్యన, ఒడ్డుకు ఇరవై మీటర్ల పైచిలుకు దూరంలో ఎర్ర రంగు వేసిన నాటుపడవ, అందులో గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి. ఎండ కుడి వైపు నుంచి వస్తోంది. గాలి కొంచెం ఉంది, నీటి మీద సన్నటి అలలున్నాయి.

ముందుగా అవతలి ఒడ్డు నీటిని తాకే గీత ఎక్కడుందో చూడండి. మన ఫొటోలో అది పైఅంచు నుంచి దాదాపు 1500వ పిక్సెల్ దగ్గరుంది. పడవ నీటిని తాకే చోటు 2300 దగ్గర, మనిషి తల 1700 దగ్గర ఉన్నాయి. అడ్డంగా చూస్తే పడవ 2600 నుంచి 4200 దాకా ఉంది. అంటే మనిషి తల కూడా అవతలి ఒడ్డు గీతకు కిందే ఆగింది. ఇది అదృష్టం కాదు, లెక్క. కెమెరా నీటికి 3 మీటర్ల ఎత్తున ఉంది, ఆ మనిషి తల రెండు మీటర్ల చిల్లర ఎత్తులోనే ఉంది. కెమెరా కంటే ఎత్తుగా ఉన్న వస్తువే ఆ గీతను దాటి పైకి పొడుచుకొస్తుంది. ఇదే ఫొటోను నీటి అంచున కూర్చుని తీసుంటే ఆ తల అవతలి చెట్ల మీద పడేది, అప్పుడు నీళ్లతో పాటు చెట్లను కూడా కట్టాల్సొచ్చేది. ఇప్పుడు పనంతా నీటిలోనే.

పడవ పరివారం

పడవ అనగానే లాసోతో చెక్క చుట్టూ గీసేస్తారు. కానీ పడవ తనతో పాటు నీటి మీద చాలా తెచ్చిపెడుతుంది. మొదటిది దాని ప్రతిబింబం. నీళ్లు అద్దంలా నిలిచి ఉంటే ప్రతిబింబం పడవంత పొడుగే ఉంటుంది. అలలుంటే అది కిందికి సాగుతుంది. పక్కలకు పెద్దగా సాగదు, నిలువుగానే సాగుతుంది. ఏటవాలుగా చూస్తున్నప్పుడు మన వైపు వాలిన అల, అవతలి వైపు వాలిన అల వేర్వేరు ఎత్తుల్లోని వస్తువులను చూపిస్తాయి కాబట్టి ఇలా జరుగుతుంది. మన ఫొటోలో మనిషి తల ప్రతిబింబం లెక్కప్రకారం 2900 దగ్గర అయిపోవాలి. కానీ ఎర్ర రంగు తునకలు అంతకంటే కిందికి, అలల మీద అక్కడక్కడా మెరుస్తూ కనబడతాయి.

మామూలుగా చూస్తే ఆ తునకలు కంటికి ఆనవు. అందుకు ఒక ఉపాయం ఉంది. అన్నిటికీ పైన ఒక Hue/Saturation లేయర్ వేసి శాచురేషన్‌ను 80 దాకా లాగండి. లేదా Channels ప్యానెల్లో రెడ్ చానెల్ ఒక్కటే చూడండి. పచ్చటి కొండ ప్రతిబింబంలో ఎర్ర పడవ తాలూకు ప్రతి చుక్కా తెల్లగా తేలుతుంది. ఆ చుక్కలు ఆగిన చోటుకు కింద ఇంకో 50 పిక్సెళ్లు కలుపుకుని మీ సరిహద్దు గీయండి. ఎడిటింగ్ అయ్యాక ఆ లేయర్ తీసేయొచ్చు.

రెండోది పడవ పక్కనే ఉండే నునుపు. గాలికి పడవ అడ్డం నిలుస్తుంది కాబట్టి గాలి తగలని వైపున చిన్న అలలు ఉండవు, అక్కడ నీళ్లు పట్టులా నున్నగా ఉంటాయి. పడవను తీసి ఆ నునుపును వదిలేస్తే అదే మచ్చ. గెడ నీటిలో దిగిన చోట పుట్టే గుండ్రటి అలలు, గెడ నుంచి కారిన చుక్కల వలయాలు, ఒడ్డుకు కట్టిన తాడు ఉంటే అది, ఇవన్నీ కూడా ఆ పరివారంలోవే.

నీడ సంగతి కాలాన్ని బట్టి ఉంటుంది. ఆగస్టు వరదలో గోదావరి ఎర్రమట్టితో ఉంటుంది. ఆ మట్టి రేణువులు వెలుగును వెదజల్లుతాయి కాబట్టి పడవ నీడ నీటి మీద చాప పరిచినట్టు స్పష్టంగా పడుతుంది, ప్రతిబింబం మాత్రం మసగ్గా ఉంటుంది. డిసెంబరులో నీళ్లు తేరుకుంటాయి, నీడ దాదాపు కనబడదు, ప్రతిబింబమే రాజ్యం చేస్తుంది. మన ఫొటో డిసెంబరుది కాబట్టి ఈ గొడవ లేదు.

ఇవన్నీ కలిపితే మనం పూడ్చాల్సిన గుంట అడ్డంగా 2500 నుంచి 4300 దాకా, నిలువుగా 1680 నుంచి 3000 దాకా వచ్చింది. పడవ చెక్క అందులో చిన్న భాగమే.

ఏ వరుస నీళ్లు ఆ వరుసకే

నీటిని ఎక్కడి నుంచైనా తెచ్చి ఎక్కడైనా అతికించొచ్చు అనుకోవడమే ఈ పనిలో నూటికి తొంభై తప్పులకు మూలం. ఫొటోలో నీళ్లు దూరం పోయేకొద్దీ నొక్కుకుపోతాయి. నొక్కుకుపోవడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. అవతలి ఒడ్డు గీత నుంచి 800 పిక్సెళ్ల కింద ఉన్న అలను, 400 పిక్సెళ్ల కింద ఉన్న అలతో పోల్చండి. నదిలో రెండూ ఒకే పరిమాణం అయినా, ఫొటోలో రెండో దాని వెడల్పు సగానికి పడిపోతుంది, నిలువు మందం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే కింది నీళ్లు తెచ్చి పైన అతికిస్తే అక్కడ ఉన్నట్టుండి పెద్ద అల లేచినట్టుంటుంది. పై నీళ్లు తెచ్చి కింద పెడితే బట్ట మీద మాసిక వేసినట్టు సన్నటి నేత కనబడుతుంది.

కాబట్టి మొదటి నియమం: నీటిని అడ్డంగానే జరపండి. క్లోన్ స్టాంప్‌లో Alt నొక్కి మూలం తీసుకునేటప్పుడు, అతికించే చోటున్న వరుసలోనే తీసుకోండి. ఒక ముక్కను ఎంచుకుని Ctrl+J తో వేరు చేసి జరిపేటప్పుడు Shift నొక్కి పట్టుకుంటే అది పైకీ కిందికీ పోకుండా అడ్డంగానే వెళ్తుంది. అవతలి ఒడ్డు గీతకు 800 దూరంలో ఉన్న వరుసలో 30, 40 పిక్సెళ్ల తేడా కంటికి తెలియదు. అదే 200 దూరంలో ఉన్న వరుసలో ఆ తేడా కొట్టొచ్చినట్టుంటుంది. ఆ గీతకు దగ్గరయ్యేకొద్దీ చెయ్యి పొదుపుగా కదలాలి.

పక్క వరుస నుంచి తేక తప్పని పరిస్థితి వస్తే, తెచ్చినదాన్ని అలాగే పెట్టకండి. 1000 దూరం నుంచి 800 దూరానికి తెస్తున్నారనుకోండి. Free Transform లో వెడల్పు 80 శాతం, ఎత్తు 64 శాతం ఇవ్వండి. నిష్పత్తి 0.8 అయితే వెడల్పుకు అదే, ఎత్తుకు దాని వర్గం. అల ఎత్తు కూడా ఫొటోలో పాలు పంచుకుంటుంది కాబట్టి ఈ లెక్క నిక్కచ్చిగా సరిపోదు, కానీ చేతివాటంగా నొక్కడం కంటే చాలా దగ్గరగా వస్తుంది.

రంగు విషయంలో కూడా వరుస మారితే కుదరదు. నీళ్లు అద్దంలా పనిచెయ్యడం మనం చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. నీటిని నిట్టనిలువుగా కిందికి చూస్తే అది నూటికి 2 వంతుల వెలుగునే తిప్పి పంపుతుంది, మిగతాదంతా లోపలికి పోతుంది. ఏటవాలుగా చూసేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. మన ఫొటోలో పడవ ఉన్న వరుసలో అది సుమారు 44 వంతులు, ఫొటో అడుగు అంచున సుమారు 10 వంతులు. అంటే అడుగు భాగంలో నది సొంత రంగు, ఇసుక, నాచు ఎక్కువ కనబడతాయి. పడవ దగ్గర కొండా ఆకాశమూ ఎక్కువ కనబడతాయి. అడుగు నీళ్లు తెచ్చి పడవ చోట పెట్టి కర్వ్స్‌తో ఎంత కుస్తీ పట్టినా ఆ రెండు రంగులూ కలవవు.

ఇప్పుడు Edit మెనూలో ఉన్న Content-Aware Fill గురించి. ఈ ఆదేశానికి వేరే విండో ఫొటోషాప్ సీసీ 2019లో వచ్చింది. అందులో మూలం ఎక్కడి నుంచి తీసుకోవాలో ఆకుపచ్చ పూతతో చూపిస్తుంది. మన జోక్యం లేకుండా వదిలేస్తే అది కింది నీళ్లూ, ఒక్కోసారి అమ్మాయి చీర కొంగూ కూడా తెచ్చి పెడుతుంది. ఆ ఆకుపచ్చను చెరిపి, పడవకు అటూ ఇటూ అదే వరుసల్లో ఉన్న పట్టీకే పరిమితం చెయ్యండి. Output ను New Layer అని పెట్టండి. ఇలా చేస్తే మొదటి చిత్తుగా పనికొస్తుంది. దాన్నే తుది పనిగా ఇచ్చేసే స్టూడియోలు ఉన్నాయి. ఒక ఫొటోను ఫోనులో చూసేవాళ్లకు అది చాలు కూడా.

కొండ ఉన్న నీళ్లు, ఆకాశం ఉన్న నీళ్లు

వరుస ఒక్కటే చూసుకుంటే చాలదని మన ఫొటోయే చెబుతుంది. పడవ వెనక ఉన్న పెద్ద కొండ కొన, ఒడ్డు గీతకు సుమారు 970 పిక్సెళ్ల పైన ఉంది. అలాంటప్పుడు దాని ప్రతిబింబం కొన అంతే కిందికి, అంటే 2470 దగ్గర పడాలి. పడవ నీటిని తాకేది 2300 దగ్గర. అంటే పడవ చెక్క కొండ ప్రతిబింబం మీద ఉంది. దాని కింద ఉన్న పడవ ప్రతిబింబం సగం కొండ మీద, సగం ఆకాశం మీద పరుచుకుంది. ముదురు పచ్చకూ లేత నీలానికీ మధ్య గీత సరిగ్గా మనం చెరపబోయే చోటు గుండానే పోతోంది.

కొండ ఉన్న నీళ్లూ ఆకాశం ఉన్న నీళ్లూ రంగులోనే వేరు కావు, వాటి అలలు కూడా వేరు. అల కనబడేదే దాని ఒక్కో వాలు ఒక్కో వస్తువును చూపించడం వల్ల. చుట్టూ పచ్చటి కొండే ఉంటే అల ఏ వైపు వాలినా పచ్చదనమే చూపిస్తుంది, కాబట్టి అక్కడ నీళ్లు చదునుగా, అలలు మెత్తగా ఉంటాయి. సరిహద్దు దగ్గర ఒక వాలు కొండనూ, పక్క వాలు ఆకాశాన్నీ చూపిస్తాయి. అక్కడ తెలుపూ నలుపూ పోట్లాడుకుంటాయి. ఇంకా కిందికి, ఆకాశం మాత్రమే ఉన్న చోట అల మళ్లీ మెత్తబడుతుంది. ఈ మూడు పట్టీలను కలగలిపితే ఎంత నేర్పుగా అతికించినా కన్ను పట్టేస్తుంది.

మన గుంటకు ఎడమ వైపు 1400 నుంచి 2500 దాకా ఖాళీ నీళ్లున్నాయి. కానీ ఆ వైపు కొండల మధ్య పల్లం ఉంది, అక్కడ ప్రతిబింబం 2100 దగ్గరే అయిపోయి ఆకాశం మొదలవుతుంది. కుడి వైపు 4300 నుంచి అంచు దాకా కొండ మెల్లగా దిగుతూ సాగింది. కాబట్టి 2100 నుంచి 2450 దాకా ఉన్న వరుసలకు ఎడమ నీళ్లు పనికిరావు, అవే వరుసలైనా పనికిరావు. కుడి నుంచే తేవాలి. 2600 దిగువన రెండు వైపులా ఆకాశమే కాబట్టి ఎటునుంచైనా తెచ్చుకోవచ్చు. కుడి నుంచి తెచ్చినప్పుడు ఒక్క ఇబ్బంది: ఎండ అటు నుంచే కాబట్టి ఆ నీళ్లు కాస్త వెలుగ్గా ఉంటాయి. తెచ్చిన లేయర్‌కు ఒక కర్వ్స్ క్లిప్ చేసి, దాని మాస్క్‌లో ఎడమ నుంచి కుడికి గ్రేడియంట్ లాగితే సర్దుకుంటుంది.

కుడి పట్టీ 1700 పిక్సెళ్లే ఉంది, గుంట 1800. చాలకపోతే అద్దంలోలా అటూఇటూ తిప్పి వాడదామనిపిస్తుంది. గాలి నేరుగా మన వైపు వీస్తుంటే ఫరవాలేదు. ఏటవాలుగా వీస్తుంటే అలల గీతలు ఒక పక్కకు వాలి ఉంటాయి, ఎండ తగిలే వైపు కూడా ఒకటే ఉంటుంది. తిప్పితే ఆ ముక్కలో గాలి ఎదురు తిరుగుతుంది. మన ఫొటోలో ఎండ పక్క నుంచి ఉంది కాబట్టి తిప్పకూడదు. పట్టీని రెండు మూడు ముక్కలుగా కోసి, జరిపే దూరం ఒక్కోదానికి వేరుగా ఉంచి, అతుకుల్ని వంకరటింకరగా అలల వెంట పోనివ్వండి. అతుకు ఎప్పుడూ నిలువు గీతలా ఉండకూడదు. ఒక అల చివర నుంచి ఇంకో అల చివరకు, మెట్లు దిగినట్టు దిగాలి.

వెలుగు వేరు, అల వేరు

ఇక అసలు పని. వెలుగునూ రంగునూ ఒక లేయర్‌లో, అలల నేతను ఇంకో లేయర్‌లో విడదీసుకుంటే పని సగానికి తగ్గుతుంది. ఆల్బమ్ డిజైనర్లు మొహం మీది మచ్చలకు వాడే ఫ్రీక్వెన్సీ సెపరేషనే ఇది. ఇప్పటిదాకా చేసినదంతా కలిపి ఒక లేయర్ చేసుకుని, దాన్ని రెండు కాపీలు చెయ్యండి. కింది కాపీకి Gaussian Blur ఇవ్వండి. పై కాపీని ఎంచుకుని Image > Apply Image లో, 8 బిట్ ఫైలైతే ఈ విలువలు పెట్టండి:

```
Layer: (blur చేసిన కాపీ)
Blending: Subtract
Scale: 2
Offset: 128
```

తరవాత పై కాపీ బ్లెండ్ మోడ్‌ను Linear Light చేస్తే ఫొటో మళ్లీ మామూలుగా కనబడాలి. కనబడకపోతే ఏదో ఒక విలువ తప్పిందన్నమాట. 16 బిట్ ఫైలైతే Blending ను Add చేసి, Invert టిక్ పెట్టి, Scale 2, Offset 0 ఇవ్వాలి. గింప్ వాడేవాళ్లకు Wavelet-decompose అనే ఫిల్టర్ ఇదే పనిని ఒక్క నొక్కుతో చేసి పెడుతుంది.

బ్లర్ ఎంత ఇవ్వాలన్నదే ఇక్కడ తెలివి. మొహానికి వాడే 6, 8 పిక్సెళ్లు నీటికి చాలవు. అలలు కింది లేయర్‌లో పూర్తిగా కరిగిపోయేదాకా పెంచండి, కొండ ప్రతిబింబం ఆకారం మాత్రం గుర్తుపట్టేలా ఉండాలి. మన ఫొటోలో పడవ వరుసకు 20 పిక్సెళ్ల చుట్టుపక్కల కుదురుతుంది. అల పరిమాణం వరుసవరుసకూ మారుతుంది కాబట్టి ఒక్క సంఖ్య అన్నిటికీ సరిపోదు. గుంట నడుమ వరుసకు కుదిరింది తీసుకోండి.

ముందు కింది లేయర్ చూడండి, పైదాన్ని ఆపేసి. అక్కడ పడవ తాలూకు ఎర్రటి ఛాయ, అతుకుల దగ్గర వెలుగు తేడా పొగలా కనబడతాయి. వాటిని లాసోతో చుట్టి, ఫెదర్ 60 దాకా ఇచ్చి, మళ్లీ బ్లర్ చేస్తే కలిసిపోతాయి. మెత్తటి బ్రష్‌తో పక్కరంగు పూసినా సరే. కొండాకాశాల సరిహద్దును మాత్రం ఇక్కడ తాకకండి, దాని కథ వేరు.

తరవాత పై లేయర్. అందులో క్లోన్ స్టాంప్ Sample ను Current Layer అని పెట్టి, కాస్త గట్టి అంచున్న బ్రష్‌తో, అదే వరుసలోని అలలు తెచ్చి నునుపు మచ్చల మీద వెయ్యండి. రంగు కింది లేయర్‌లో ఉంది కాబట్టి ఇక్కడ మచ్చ పడే భయం లేదు. కానీ పైన చెప్పిన మూడు పట్టీల సంగతి ఇక్కడ ఇంకా ముఖ్యం. సరిహద్దు దగ్గరి తెల్లటి మెరుపులు తెచ్చి కొండ నడుమ వేశారంటే రంగు సరిపోయినా ఆ చోట నీళ్లు ఉడుకుతున్నట్టుంటాయి.

హీలింగ్ బ్రష్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. గుంట నడుమ వాడుకోవచ్చు. ముదురు, లేత కలిసే అంచు దగ్గర వాడితే అది పక్క రంగును లోపలికి లాక్కుని మసక చేస్తుంది. అక్కడ క్లోన్ స్టాంపే దిక్కు.

కొండ అంచును తిరిగి గీయడం

పడవ వెనక కొండ అంచు ఎలా ఉండాలో ఊహించక్కర్లేదు, ఫొటోలోనే పైన ఉంది. 2500 నుంచి 4300 మధ్య ఉన్న కొండా ఆకాశమూ ఎంచుకుని కాపీ చేసి, Flip Vertical ఇచ్చి, ఒడ్డు గీత ఒడ్డు గీతకు అతికేలా కిందికి జరపండి. ఆ లేయర్‌ను సగం పారదర్శకం చెయ్యండి. ఇది అతికించడానికి కాదు, కొలతకు మాత్రమే. దీన్ని నేరుగా ప్రతిబింబంగా వాడేవాళ్లు ఉన్నారు. ఆ ఫొటోల్లో నీళ్లు నదిలా ఉండవు, గాజు బల్లలా ఉంటాయి. పైగా పైన ఉన్నంత వెలుగు కిందికి తెస్తారు. మన వరుసలో నీళ్లు సగానికి తక్కువే తిప్పి పంపుతాయని ముందే చూశాం.

తిప్పిన కాపీ గుంటకు రెండు వైపులా మిగిలి ఉన్న అసలు సరిహద్దుతో కలుస్తుందో లేదో చూడండి. అలల వల్ల అసలు సరిహద్దు ఒక గీతగా కాక మందపాటి పట్టీగా ఉంటుంది, కొలత గీత ఆ పట్టీలో ఎక్కడో పడాలి. పట్టీ నడుమకు వచ్చేదాకా కాపీని కొద్దిగా పైకో కిందికో జరిపి, పెన్ టూల్‌తో ఆ అంచు వెంట ఒక పాత్ గీసి పెట్టుకోండి. ఇక ఆ కాపీ పని అయిపోయింది.

ఈ కొలత దూరపు కొండలకే సరిపోతుంది. ఒడ్డునున్న వెదురు గుంజ ప్రతిబింబం అవతలి ఒడ్డు గీత నుంచి కాదు, దాని మొదలు నీటిని తాకే చోటు నుంచి తిరుగుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. ముందు ఒక చిన్న కొండ, వెనక పెద్ద కొండ ఉంటే, ప్రతిబింబంలో వెనకది పైన కనబడినంత కనబడదు, ముందుది దాన్ని ఇంకాస్త కప్పేస్తుంది. నీళ్లు మనకు చూపించేది మన కంటి నుంచి కాదు, మనం నీటికి ఎంత ఎత్తున ఉన్నామో అంత లోతు నుంచి చూసినట్టుండే దృశ్యాన్ని. 3 మీటర్ల దిబ్బ మీంచి తీస్తే ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. వంతెన మీంచి తీసిన ఫొటోలో పట్టించుకోవాలి.

పాత్ వచ్చాక కింది లేయర్‌లో, పాత్‌కు పైన కుడి వైపు నుంచి తీసుకున్న కొండ రంగు, కింద ఆకాశం రంగు పూయండి. ఆ ముక్కకు Motion Blur, కోణం 90 డిగ్రీలు, దూరం 50 పిక్సెళ్లు ఇస్తే అంచు నిలువుగా సాగుతుంది. ఇక్కడ మామూలు Gaussian Blur వాడకండి, అది పక్కలకు కూడా పరుస్తుంది. నీళ్లు అలా పరచవు. చివరగా పై లేయర్‌లో, కుడి వైపు మిగిలిన అసలు సరిహద్దు నుంచి అలలు తెచ్చి పాత్ వెంట వెయ్యండి. అక్కడ దగ్గరగా చూస్తే నల్లటి సన్నటి కందిబద్దలు తెలుపులోకి, తెల్లటివి నలుపులోకి చొరబడుతూ ఉంటాయి. పాత్ పైనా కిందా ఆ రెండూ పడేలా చూసుకుంటే సరిహద్దు నిలబడుతుంది. ఈ ఒక్క పట్టీకి మిగతా గుంట మొత్తానికి పట్టినంత సమయం పడుతుంది. పట్టనివ్వండి, చూసేవాళ్ల కన్ను ముందు పడేది అక్కడే.

పట్టుబడేది ఎక్కడ

అయిపోయిందనుకున్నాక ఫొటోను Image Rotation లో అటూఇటూ తిప్పి చూడండి. అలవాటైన కన్నుకు అప్పటిదాకా దొరకని మచ్చ అప్పుడు దొరుకుతుంది. తరవాత అన్నిటికీ పైన ఒక కర్వ్స్ వేసి, దాన్ని నిటారు S లా వంచండి. అతుకుల దగ్గర వెలుగు తేడా ఉంటే గోడలా లేస్తుంది. కవల అలల కోసం వెతకండి, ఒకే ఆకారమున్న మెరుపు అదే వరుసలో రెండు చోట్ల ఉంటే ఒకదాన్ని మార్చండి. నూరు శాతం జూమ్‌లో గ్రెయిన్ చూడండి. బ్లర్ చేసి పూసిన చోట గ్రెయిన్ చచ్చిపోయి ప్లాస్టిక్‌లా ఉంటుంది. బూడిదరంగు నింపిన లేయర్ మీద Add Noise ఇచ్చి, Overlay మోడ్‌లో ఆ చోటుకే మాస్క్ చేస్తే కలుస్తుంది.

తెర మీద కుదిరింది షీట్ మీద కుదరకపోవచ్చు. 12×36 ఆల్బమ్‌లో ఈ ఫొటో రెండు పేజీలకూ పరిస్తే, 300 డీపీఐకి 10800 పిక్సెళ్లు కావాలి, మనకున్నవి 6000. అంటే ప్రతి అతుకూ దాదాపు రెండింతలు పెద్దదవుతుంది. గుంట ఉన్న ముక్కను అసలు సైజులో చిన్న కాగితం మీద ఒకసారి ప్రింటు తీయించుకుని చేతిలో పట్టుకుని చూడటం ఖరీదైన పనేమీ కాదు.

ఫొటో తీసేటప్పుడే ఆలోచిస్తే ఇందులో సగం పని ఉండదు. పడవ వెళ్లిపోయాక అదే చోట నిలబడి, అదే లెన్సుతో, అదే ఎక్స్‌పోజరుతో ఒక ఖాళీ ఫ్రేము తీసి పెట్టుకోండి. వరుసలు, కొండ అంచు, రంగు, అన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. ట్రైపాడ్ ఉంటే కొన్ని క్షణాలకొకటి చొప్పున తొమ్మిది పది ఫ్రేములు తీసి, File > Scripts > Statistics లో Median ఇస్తే కదిలే పడవ దానంతట అదే పోతుంది. అయితే ప్రతి చోటా సగానికి మించిన ఫ్రేముల్లో పడవ లేకుండా ఉండాలి. అలలు కూడా నున్నగా అయిపోతాయి గనక దాన్ని కింది లేయర్‌గా, వెలుగు కోసం వాడుకుని, అలలు ఒకే ఫ్రేము నుంచి తెచ్చుకోవాలి.

అన్ని పడవలూ తీయడానికి లొంగవు. పాపికొండల లాంచీ లాంటిది వేగంగా పోతున్నప్పుడు దాని వెనక అలలు విసనకర్రలా విచ్చుకుంటాయి. లోతు నీటిలో ఆ అంచులు ఒక్కో వైపు సుమారు 19.5 డిగ్రీల కోణంలో ఉంటాయని 19వ శతాబ్దంలో లార్డ్ కెల్విన్ లెక్కగట్టాడు. వేగం కొంచెం పెరిగినా తగ్గినా ఆ కోణం పెద్దగా మారదు. ఒడ్డు మీంచి చూసినప్పుడు ఆ విసనకర్ర నొక్కుకుపోయి ఫొటో ఒక అంచు నుంచి రెండో అంచు దాకా గీతలు గీస్తుంది. లాంచీని తీసినా, దాన్ని గుర్తుచేసే అలలు ఫొటో నిండా ఉంటాయి, అవి తీయాలంటే అదే వరుసలో అరువు తెచ్చుకునే నీళ్లే మిగలవు. అలాంటప్పుడు వేరే ఫ్రేము ఎంచుకోండి, లేదా లాంచీని ఉండనివ్వండి. పడవ ఫొటో వెడల్పులో సగం ఆక్రమించినప్పుడూ, అమ్మాయి చెయ్యి పడవ మీద ఆనినప్పుడూ ఇదే మాట.

పని ముగిశాక పీఎస్‌డీని చదును చెయ్యకుండా, అసలు ఫొటోను అట్టడుగు లేయర్‌గా ఉంచి దాచండి. ఆల్బమ్ చేతికొచ్చాక పెళ్లికూతురి నాన్నగారు "ఆ ఎర్ర పడవ భలే ఉండేదే, ఎందుకు తీసేశారు?" అని అడగడం మామూలే.